బీటా బ్లాకర్ మాత్రలతో నిద్ర చెదిరితే: మందు వేసుకునే వేళను ఎలా సరిచేసుకోవాలి

తిరుపతిలో మందుల షాపు కౌంటరు వెనుక నిలబడే ఫార్మసిస్టుకు ఒక సంగతి త్వరగానే అర్థమవుతుంది. బీపీ మాత్ర వేసుకున్నాక కళ్ళు తిరిగితే జనం మరునాడే వచ్చి చెబుతారు గానీ, నిద్ర పాడైతే దానిని మాత్రతో ముడిపెట్టరు. వయసు మీద పడిందనో, పిల్లల పెళ్ళిళ్ళ దిగులనో, మేడ మీద గదిలో ఉక్కపోతనో అనుకొని నెలల తరబడి సర్దుకుపోతారు. నిజానికి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం మందులు వాడేవారిలో కొందరికి రాత్రిపూట కలలు మరీ స్పష్టంగా, ఒక్కోసారి భయపెట్టేంతగా రావడం, అర్ధరాత్రి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం తెలిసిన దుష్ప్రభావాలే. అందరికీ రావు, ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. వచ్చినవారిలో కొందరికి మాత్రం, మందు మార్చకుండా, మోతాదు తగ్గించకుండా, వేసుకునే వేళ మారిస్తేనే చాలావరకు నెమ్మదిస్తుంది. ఎవరికి నెమ్మదిస్తుంది, ఎవరికి నెమ్మదించదు అన్నది మాత్ర రకాన్ని బట్టి ఉంటుంది కనుక, ముందు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

చిత్తూరు నుంచి వచ్చే ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. ఆమెను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వయసు నలభై దాటింది, పార్శ్వపు తలనొప్పికి డాక్టరు ప్రొప్రనోలోల్ 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు. తలనొప్పి బాగా తగ్గింది. కానీ మాత్ర మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఆమెకు రాత్రిళ్ళు కలలు మొదలయ్యాయి. "సార్, చనిపోయిన మా అత్తగారు వంటింట్లో కూర్చొని పిండి రుబ్బుతూ ఉంటారు. ఆ రోటి చప్పుడు కూడా వినిపిస్తుంది. ఉలిక్కిపడి లేస్తే ఒంటిగంటన్నరో రెండో అవుతుంది, మళ్ళీ తెల్లారేదాకా కన్ను మూతపడదు," అన్నారు. రెండో మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా అని అడిగితే, భోజనాలయ్యాక అన్నీ సర్దుకొని పడుకోబోయేముందు, రాత్రి పది గంటలకు అన్నారు. ఆమె విషయంలో ఏం చేశామో కింద మెట్లలోనే వస్తుంది.

మందుకు నిద్రకు సంబంధం ఎక్కడ

అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు గుండె మీది బీటా గ్రాహకాలను తట్టి గుండెను వేగంగా కొట్టిస్తాయి. ఆ గ్రాహకాలను అడ్డుకోవడమే బీటా బ్లాకర్ల పని. అయితే అవే గ్రాహకాలు మెదడులోనూ ఉన్నాయి, మెదడు మధ్యభాగంలో ఉండే పీనియల్ గ్రంథి మీదా ఉన్నాయి. చీకటి పడ్డాక నారడ్రినలిన్ వచ్చి పీనియల్ గ్రంథిలోని బీటా గ్రాహకాలను తట్టినప్పుడే ఆ గ్రంథి మెలటోనిన్‌ను తయారుచేస్తుంది, ఒంటికి రాత్రి అయిందని చెప్పేది ఆ మెలటోనినే. బీటా బ్లాకర్ ఆ తట్టుడును అడ్డుకుంటే రాత్రి మెలటోనిన్ తగ్గుతుంది, నిద్ర పట్టడమూ నిలవడమూ కష్టమవుతాయి.

రెండో దారి నేరుగా మెదడులోకి పోయేది. ప్రొప్రనోలోల్, మెటోప్రోలోల్ లాంటివి కొవ్వులో కరిగే స్వభావం ఉన్న మందులు కాబట్టి రక్తం నుంచి మెదడులోకి సులువుగా చేరతాయి. అటెనోలోల్ నీటిలో కరిగేది, మెదడులోకి చాలా తక్కువగా చేరుతుంది. కలల గురించిన ఫిర్యాదు మొదటి రకం మాత్రలతోనే ఎక్కువగా వినిపించడానికి ఇదే కారణమని చెబుతారు. కానీ పీనియల్ గ్రంథి రక్తానికి మెదడుకు మధ్య ఉండే అడ్డుగోడకు బయట ఉంటుంది. అందువల్ల మెదడులోకి పెద్దగా చేరని అటెనోలోల్ కూడా మెలటోనిన్‌ను తగ్గించగలదు. అటెనోలోల్ వాడే మనిషి, నాకు కలలు రావు కానీ నిద్రే పట్టదు అంటే, అది మందు వల్ల కాదని కొట్టిపారేయడానికి వీల్లేదు.

మొదటి మెట్టు: మీ మాత్ర ఏదో కచ్చితంగా తెలుసుకోండి

మాత్రల అట్టను వెలుతురులో పట్టుకొని, కంపెనీ పెట్టిన పెద్ద పేరును వదిలి, దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న మందు పేరును చదవండి. చివర ఓలోల్ అని వస్తే చాలావరకు అది బీటా బ్లాకరే: ప్రొప్రనోలోల్, మెటోప్రోలోల్, అటెనోలోల్, బిసోప్రోలోల్. నెబివోలోల్, కార్వెడిలోల్ కూడా ఈ కుటుంబానివే. ఒకే మాత్రలో రెండు మందులు కలిపి ఉండడం మామూలు కనుక అన్ని పేర్లూ చదవండి. ఆమ్లోడిపిన్‌తో అటెనోలోల్‌ను, టెల్మిసార్టాన్‌తో మెటోప్రోలోల్‌ను కలిపిన మాత్రలు మన దగ్గర బాగా నడుస్తాయి. ఇక్కడ ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. అయిదు మాత్రలే కావాలని అట్టను కత్తిరించి తీసుకువెళితే మందు పేరు ఉన్న భాగం షాపులోనే ఉండిపోతుంది, ఇంట్లో మిగిలేది వెండి రంగు రేకు మాత్రమే. అలాంటి ముక్క మీ దగ్గర ఉంటే ఊహించుకోకుండా బిల్లుతోనో చీటీతోనో షాపుకు వెళ్ళి పేరు రాయించుకోండి.

పేరు తెలిశాక చూడవలసింది, అది త్వరగా కరిగే మాత్రా లేక నెమ్మదిగా కరిగేదా అన్నది. పేరు చివర ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఆర్, ఈఆర్, ఎస్‌ఆర్, ఎల్‌ఏ వంటి అక్షరాలు ఉంటే అది ఎన్నో గంటలపాటు కొద్దికొద్దిగా మందును వదిలే రకం. మెటోప్రోలోల్‌లో ఈ తేడా ముఖ్యం: టార్ట్రేట్ అని ఉన్నది మామూలుగా రోజుకు రెండుసార్లు వేసుకొనేది, సక్సినేట్ అని ఉన్నది రోజుకు ఒక్కసారి వేసుకొనే నెమ్మది రకం. ఈ రెండింటినీ ఒకటిగా భావించి వేళ మార్చవద్దు.

వేళ మార్పు ఎక్కువగా ఉపయోగపడేది త్వరగా కరిగే ప్రొప్రనోలోల్, మెటోప్రోలోల్ టార్ట్రేట్‌లలోనే. మామూలు ప్రొప్రనోలోల్ మాత్ర మింగిన ఒకటి నుంచి నాలుగు గంటలలోపు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది, ఆ తర్వాత సుమారు మూడు నుంచి ఆరు గంటలకు ఒకసారి సగానికి తగ్గుతూ పోతుంది. టీచరమ్మ పదింటికి వేసుకున్న మాత్ర పదకొండు నుంచి రెండు మధ్య గరిష్ఠంగా ఉంటుంది. ఆమె ఉలిక్కిపడి లేచే వేళ కూడా దాదాపు అదే. నెమ్మదిగా కరిగే రకాలలో, బిసోప్రోలోల్ వంటి ఎక్కువసేపు నిలిచేవాటిలో ఇంత ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి ఉదయానికి మార్చినా వచ్చే తేడా తక్కువే. అయినా రాత్రి వేసుకుంటున్నవారు ఉదయానికి మార్చి చూడడంలో అర్థం ఉంది, ఆశ మాత్రం కొంచెం తగ్గించుకోవాలి.

రెండో మెట్టు: పది రాత్రుల లెక్క రాయండి

డాక్టరు దగ్గరకు వెళ్ళి, నిద్ర సరిగా లేదు సార్ అని మాత్రమే చెబితే, రద్దీగా ఉండే ఓపీలో మీ చేతికి వచ్చేది నిద్రమాత్ర కావచ్చు. కలలు వస్తున్నాయన్న సంగతి, అవి మందు మొదలయ్యాకే వచ్చాయన్న సంగతి ఆయనకు తెలియాలి. అందుకని పాత నోటుబుక్కులో ఒక పేజీ తీసి పది రాత్రులు రాయండి. మాత్ర ఏ గంటకు వేసుకున్నారు, తినే ముందా తిన్న తర్వాతా, దీపం ఆర్పింది ఎప్పుడు, మెలకువ ఎప్పుడు వచ్చింది, కల గుర్తుందా, మళ్ళీ నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఉదయం లేచాక మందు వేసుకోకముందు నాడి ఎంత, బీపీ ఎంత. ఇంతకన్నా ఎక్కువ వద్దు. గడియారం చూడడం కోసమే మెలకువగా ఉండవద్దు, ఉజ్జాయింపుగా రాసినా చాలు.

అన్నిటికన్నా విలువైన సమాచారం పేజీ పైభాగంలో ఉండాలి: ఈ మాత్ర ఏ తేదీన మొదలైంది లేదా మోతాదు ఏ తేదీన పెరిగింది, నిద్ర ఇబ్బంది ఏ వారంలో మొదలైంది. మాత్ర మొదలైన లేదా పెరిగిన కొన్ని రోజులలో, వారాలలో మొదలైన ఇబ్బంది మాత్ర వైపు వేలు చూపిస్తుంది. ఎనిమిదేళ్ళుగా అదే మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ, ఈ వేసవిలో కొత్తగా నిద్ర పోయిందంటే కారణం వేరే చోట వెతకాలి, లేదా ఈమధ్య తోడైన కొత్త మందును చూడాలి. మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ మాత్రలు కాలేయంలో మెటోప్రోలోల్, ప్రొప్రనోలోల్ విరిగే దారిని అడ్డుకుంటాయి. దాంతో పాత మోతాదే ఎక్కువ మోతాదులా పనిచేయవచ్చు. పైగా అవి సొంతంగానే కలలను పెంచగలవు. వేరే డాక్టరు రాసిన చీటీ అయినా సరే, ఇద్దరికీ రెండు చీటీలూ చూపించండి.

మూడో మెట్టు: మాత్రను నిందించే ముందు మరికొన్ని చూడండి

మొదట చక్కెర. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి అర్ధరాత్రి చక్కెర పడిపోతే పీడకలలు వస్తాయి, చెమటతో లేస్తారు. మామూలుగా అయితే గుండె దడ, చేతుల వణుకు హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ కప్పేస్తుంది, చెమటను మాత్రం ఆపదు. కాబట్టి దిండు తడిసేంత చెమటతో పీడకల నుంచి లేచిన రాత్రి, దుప్పటి కప్పుకొని పడుకోకుండా గ్లూకోమీటరుతో వేలు గుచ్చి చూడండి. 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగి, పావుగంటకు మళ్ళీ చూసి, మరునాడే షుగర్ డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ సవరించవలసింది షుగర్ మందును, బీటా బ్లాకర్ వేళను కాదు.

మెలకువ రావడానికి కారణం మూత్రమైతే, బీపీ మాత్రలో కలిసి ఉన్న మూత్రం పోయించే మందును రాత్రి వేసుకుంటున్నారేమో చూడండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తున్నా, పాదాలు వాస్తున్నా అది గుండె నీరసపడుతున్న గుర్తు కావచ్చు. నోటుబుక్కు పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరును కలవాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు పక్కవాళ్ళు చెబితే అది వేరే పరీక్ష అవసరమైన జబ్బు. ఇక సాయంత్రం ఆరున్నరకు తాగే ఫిల్టర్ కాఫీ సంగతి నేను కొత్తగా చెప్పనవసరం లేదు, కానీ లెక్క రాసే పది రోజులూ దానిని మానితేనే లెక్కకు విలువ.

నాలుగో మెట్టు: డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి

వేళ మార్చడం చిన్న మార్పులా కనిపించినా, మాత్ర ఎందుకు రాశారన్నది తెలియకుండా చేయకూడదు. తలనొప్పికో, చేతుల వణుకుకో, మామూలు బీపీకో రాసిన మాత్ర వేళను జరపడంలో సాధారణంగా పెద్ద చిక్కు ఉండదు. గుండెపోటు వచ్చినవారికి, రాత్రిళ్ళు ఛాతీనొప్పి వచ్చేవారికి, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి రాత్రి మోతాదును డాక్టరు కావాలనే పెట్టి ఉండవచ్చు. కార్వెడిలోల్‌ను తిండితో పాటు రోజుకు రెండుసార్లు వేసుకోమనడానికి కారణం ఉంది: ఖాళీ కడుపున వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడి కళ్ళు తిరుగుతాయి. ఈ మందులు వాడేవారు సొంతంగా వేళ మార్చవద్దు.

అడగవలసిన మాటలు సూటిగా ఉండాలి. "ఈ మాత్ర నాకు దేనికి ఇచ్చారు? రాత్రి మోతాదును సాయంత్రం అయిదింటికి జరిపితే పర్వాలేదా? ఎంత నాడి కన్నా తగ్గితే మీకు ఫోను చేయాలి? ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి?" ఈ నాలుగింటికీ జవాబులు అదే నోటుబుక్కు పేజీ వెనక రాయించుకుంటే ఇంటికి వచ్చాక సందేహం ఉండదు.

అయిదో మెట్టు: వేళను జరపడం

రోజుకు రెండుసార్లు వేసుకునే త్వరగా కరిగే మాత్ర అయితే పని సులువు. నిద్రపోయే వేళకు మాత్ర గరిష్ఠ స్థాయి దాటిపోయి ఉండేలా రెండో మోతాదును ముందుకు తేవాలి, దానికి తగినట్టు ఉదయపు మోతాదును కూడా ముందుకు తెచ్చి రెండు మోతాదుల మధ్య పగటి ఎడం మరీ కుదించుకుపోకుండా చూసుకోవాలి. టీచరమ్మ అప్పటిదాకా ఉదయం తొమ్మిదికి, రాత్రి పదికి వేసుకునేవారు. డాక్టరు అనుమతితో ఉదయం ఆరున్నరకు ఇడ్లీ తిన్న వెంటనే ఒకటి, సాయంత్రం అయిదింటికి బడి నుంచి వచ్చి ఏదైనా టిఫిను తిన్నాక ఒకటి అని మార్చారు. పగలు ఎడం పదిన్నర గంటలు, రాత్రి ఎడం పదమూడున్నర గంటలు. పది గంటలకు పడుకునేసరికి సాయంత్రపు మాత్ర వేసుకొని అయిదు గంటలు గడిచిపోతాయి, గరిష్ఠ స్థాయి వెనకబడుతుంది.

తిండి గురించి ఒక మాట. ప్రొప్రనోలోల్, మెటోప్రోలోల్ తిండితో పాటు వేసుకుంటే ఒంటికి కొంచెం ఎక్కువగా పడతాయి. అందువల్ల ఒక రోజు ఖాళీ కడుపున, మరో రోజు కడుపు నిండా రాగి సంగటి తిన్నాక వేసుకుంటే మందు ప్రభావం రోజుకో తీరుగా ఉంటుంది. ఏదో ఒక పద్ధతి పెట్టుకొని దానికే కట్టుబడండి. సాయంత్రం అయిదింటికి మీరు ఏమీ తినని అలవాటు ఉంటే, రెండు బిస్కెట్లో ఒక అరటిపండో అయినా సరే, ప్రతిరోజూ అదే తినండి.

రోజుకు ఒక్కసారి రాత్రి వేసుకునే మాత్రను ఉదయానికి మార్చేటప్పుడే పొరపాట్లు జరుగుతాయి. రాత్రి తొమ్మిదికి వేసుకొని మరునాడు ఉదయం ఎనిమిదికి మళ్ళీ వేసుకుంటే పదకొండు గంటల్లో రెండు మోతాదులు పడి నాడి బాగా తగ్గిపోవచ్చు. అలా కాక రాత్రి మోతాదు మానేసి ఉదయం వేసుకుంటే ముప్పై అయిదు గంటలు ఖాళీ, గుండె జబ్బు ఉన్నవారికి అది మంచిది కాదు. వేళను వెనక్కి లాగుతూ రావడం మేలు: మొదటి రోజు సాయంత్రం ఆరు, రెండో రోజు మధ్యాహ్నం మూడు, మూడో రోజు పన్నెండు, నాలుగో రోజు ఉదయం తొమ్మిదిన్నర, ఆ తర్వాత ఎనిమిది. ఏ రోజూ ఎడం ఇరవై ఒక్క గంటలకు తగ్గదు, ఇరవై నాలుగు దాటదు. నెమ్మదిగా కరిగే మాత్రలను నమలకూడదు, పొడి చేయకూడదు. మధ్యలో గీత ఉన్న మెటోప్రోలోల్ సక్సినేట్ మాత్రను గీత వెంబడి రెండుగా విరవవచ్చు గానీ ఆ సగాన్ని మాత్రం నలపకూడదు.

మార్చాక కనీసం రెండు వారాలు ఆగి చూడండి. మార్చిన మొదటి రాత్రే బాగా నిద్ర పట్టిందని సంబరపడడమూ తొందరే, మూడో రాత్రి మళ్ళీ కల వచ్చిందని వదిలేయడమూ తొందరే. ఉదయం మందు వేసుకోకముందు బీపీ, నాడి చూడడం ఇప్పుడు ముందుకన్నా ముఖ్యం, ఎందుకంటే కొత్త పద్ధతిలో మందు బాగా తగ్గి ఉండే వేళ అదే. ఆ వేళకు బీపీ వరుసగా పెరిగి కనిపిస్తుంటే, లేదా తెల్లవారుజామున ఛాతీ బరువుగా ఉంటే, నిద్ర ఎంత బాగున్నా సరే పాత పద్ధతికి వెళ్ళే విషయం డాక్టరుతో మాట్లాడాలి. నాడి 50 కన్నా తగ్గినా, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మినా ఆలస్యం చేయవద్దు.

టీచరమ్మ లెక్కలో పాత పద్ధతిలో పదింటిలో ఏడు రాత్రులు కలతో లేచినట్టు ఉంది. వేళ మార్చిన రెండో వారానికి వారంలో ఒకటీ రెండు రాత్రులకు తగ్గింది. కల వచ్చినా భయపెట్టేది కాదట, లేచినా మళ్ళీ నిద్ర పట్టేది. తలనొప్పి తిరగబెట్టలేదు. కానీ నాలుగు గంటలకే మెలకువ వచ్చేయడం మాత్రం పోలేదు, అది మెలటోనిన్ వైపు నుంచి వచ్చే ఇబ్బంది కావచ్చు. వేళ మార్పు అన్నిటినీ సరిచేయదనడానికి ఆమె పేజీయే ఆధారం.

రాత్రి డ్యూటీ చేసేవారు

తిరుమలలో సుప్రభాత సేవ తెల్లవారుజామున మూడింటికి మొదలవుతుంది, దాని కోసం ముందే లేచేవారు, కొండ మీద రాత్రంతా పనిచేసేవారు, ఘాట్ రోడ్డులో బస్సు నడిపే డ్రైవర్లు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. వీరికి ఉదయం, సాయంత్రం అన్న మాటలు పనికిరావు. గడియారాన్ని పక్కనపెట్టి మీ నిద్ర వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టండి: రోజుకు ఒక్క మోతాదైతే నిద్ర లేవగానే ఏదైనా తిని వేసుకోండి, రెండు మోతాదులైతే రెండోది నిద్రకు అయిదు గంటల ముందు పడేలా చూసుకోండి. వారానికో షిఫ్టు మారేవారు ప్రతి వారమూ మందును అటూ ఇటూ జరుపుతూ ఉండడం కన్నా, రోజుకు ఒక్కసారి వేసుకునే నెమ్మది రకం ఇవ్వగలరా అని డాక్టరును అడగడం మేలని నా అభిప్రాయం.

ఆరో మెట్టు: వేళ మార్చినా తగ్గకపోతే

ఇక మాట్లాడవలసింది మందు గురించి. బీపీకి మాత్రమే వాడుతుంటే మెదడులోకి తక్కువగా చేరే అటెనోలోల్‌కో, బిసోప్రోలోల్‌కో మార్చవచ్చు, లేదా అసలు వేరే కుటుంబం మందుకే మార్చవచ్చు. అటెనోలోల్ మూత్రపిండాల గుండా బయటికి పోతుంది కనుక కిడ్నీ జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించవలసి ఉంటుంది, ముందుగా క్రియాటినిన్ పరీక్ష చూడాలి. తలనొప్పికి వాడేవారికి ఈ మార్పు అంత సులువు కాదు, ఎందుకంటే ఆ పనికి బాగా రుజువైనవి ప్రొప్రనోలోల్, మెటోప్రోలోల్ వంటివే. గుండె నీరసానికి కూడా కొన్ని బీటా బ్లాకర్లకే రుజువు ఉంది, ఏదైనా ఒకటి చాలదు.

మెలటోనిన్ తగ్గడమే కారణమైతే మెలటోనిన్ ఇస్తే సరి కదా అన్న ప్రశ్న సహజం. దీనిని పరీక్షించారు కూడా. 2012లో అమెరికాలో అటెనోలోల్ లేదా మెటోప్రోలోల్ వాడుతున్న పదహారు మంది బీపీ రోగులపై ఒక చిన్న పరిశోధన జరిగింది. రాత్రికి 2.5 మిల్లీగ్రాముల మెలటోనిన్‌ను మూడు వారాలపాటు తీసుకున్నవారిలో మొత్తం నిద్ర సుమారు 36 నిమిషాలు పెరిగింది. పదహారు మంది అంటే చాలా చిన్న సంఖ్య, కనుక దీనిని అందరికీ వర్తింపజేయలేము. కానీ దారి తప్పు కాదని మాత్రం తెలుస్తుంది. మన షాపులలో సాధారణంగా దొరికేది 3 మిల్లీగ్రాముల మాత్ర. డాక్టరుకు ఈ సంగతి చెప్పి, మీ మిగతా మందులతో పడుతుందా అని అడిగాకే మొదలుపెట్టండి. టీచరమ్మకు ఆమె డాక్టరు కొన్ని వారాల పాటు దీనినే రాశారు, ఉదయపు మెలకువ అయిదున్నరకు జరిగిందని తర్వాత చెప్పారు. ఆమెకు బడి వేళకు అది సరిపోతుంది. నిద్రమాత్రలకు అలవాటు పడడం కన్నా ఇది నయం.

ఎవరూ చేయకూడని పని ఒకటుంది, అది ఒక్కసారిగా మాత్ర మానేయడం. నెలల తరబడి అడ్డుపడి ఉన్న గ్రాహకాలు ఒక్కసారి ఖాళీ అయితే అడ్రినలిన్‌కు గుండె మరింత గట్టిగా స్పందిస్తుంది. దడ, బీపీ పెరగడం, గుండె రక్తనాళాలలో అడ్డు ఉన్నవారిలో ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. మానవలసి వస్తే డాక్టరు ఒకటి రెండు వారాలలో మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. ఈ మాట ఇక్కడ చెప్పడానికి మన ఊరి కారణం ఒకటి ఉంది. అలిపిరి దారిలో నడిచి వెళ్ళేవారు సామాను కింద కౌంటరులో ఇచ్చేసి కొండ మీద తీసుకుంటారు, మాత్రల డబ్బా కూడా ఆ సంచిలోనే వెళ్ళిపోతుంది. దర్శనం క్యూలో గంటలు గడిచి, గది దొరకడం ఆలస్యమై, రెండు మోతాదులు తప్పిపోయి దడతో ఇబ్బంది పడినవారు ఉన్నారు. మాత్రలు జేబులోనో చేతిసంచిలోనో ఉంచుకోండి. మెట్లెక్కేటప్పుడు మరొక సంగతి: బీటా బ్లాకర్ వేసుకున్నవారికి గుండె వేగం పెరగవలసినంత పెరగదు కనుక త్వరగా అలసట వస్తుంది, పక్కవాళ్ళ వేగాన్ని చూసి పరుగులు తీయవద్దు.

ఒక పూట మరిచిపోయి, తర్వాతి మోతాదు దగ్గర పడ్డాక గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవద్దు. సాయంత్రం అయిదింటి మాత్ర రాత్రి పదింటికి గుర్తొస్తే ఏం చేయాలో ఇందాక చెప్పిన నాలుగో ప్రశ్నకు మీ డాక్టరు ఇచ్చిన జవాబు చూసుకోండి. తలనొప్పి రోగికి, గుండెపోటు వచ్చిన రోగికి ఆ జవాబు ఒకటే కానవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు కూడా అక్కడ లేని మనుషులు కనిపిస్తున్నారని అంటున్నా, తికమకగా మాట్లాడుతున్నా, కలలోనే చేతులు కాళ్ళు ఝాడించి మంచం మీద నుంచి పడుతున్నా అది వేళ మార్చి చూసే దశ కాదు, డాక్టరుకు వెంటనే తెలియాలి.

డాక్టరు చివరికి మందు మార్చినప్పుడు పాత అట్టను డబ్బాలో నుంచి తీసేయండి. పాతది మెటోప్రోలోల్, కొత్తది బిసోప్రోలోల్ అయితే కంపెనీ పేర్లు, రంగులు వేరుగా ఉండడంతో రెండూ వేర్వేరు జబ్బుల మాత్రలని అనుకొని రెండూ వేసుకుంటూ, నాడి నలభైలకు పడిపోయాక కళ్ళు తిరుగుతున్నాయని షాపుకు వచ్చేవారు ఉంటారు. కొత్త మందు కొన్న రోజే రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టి చిన్న అక్షరాల పేర్లు చదివి, ఆగిపోయినదాని మీద పెన్నుతో అడ్డంగా గీత గీసి తిరిగి ఇచ్చేయండి.